మసక తెరది కాదు, లెక్కది

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 2001లో వచ్చిన ఆ ప్రోగ్రామ్‌ని, 14 అంగుళాల తెర మీద 2880 × 1800 పిక్సెళ్లున్న కొత్త లాప్‌టాప్‌లో తెరిచారనుకోండి. మెనూలు, అక్షరాలు అంచులు కరిగిపోయి మసగ్గా కనిపిస్తాయి. ఎవరో చెప్పిన సెట్టింగ్ ఏదో మారిస్తే మసక పోతుంది గానీ అక్షరాలు కంటికి ఆననంత చిన్నవైపోతాయి. పక్కనే తెరిచి ఉన్న బ్రౌజర్ మాత్రం అచ్చేసినట్టు స్పష్టంగా ఉంటుంది. తెర పాడైతే అన్నీ పాడవ్వాలి కదా? తెర బాగానే ఉంది. తేడా అంతా కొలతల లెక్కలో ఉంది.

ఆ లెక్క ఇది. అంగుళానికి 96 పిక్సెళ్లుంటాయని విండోస్ మొదటి నుంచీ అనుకుంటూ వచ్చింది. 24 అంగుళాల మామూలు మానిటర్‌లో, అంటే 1920 × 1080 తెరలో, అంగుళానికి దాదాపు 92 ఉంటాయి కాబట్టి ఆ ఊహ ఇంచుమించు నిజమే. మెనూలోని అక్షరాల సైజు 12 పిక్సెళ్లనుకుంటే అక్కడ అది 3.3 మిల్లీమీటర్లు వస్తుంది. మన కొత్త లాప్‌టాప్‌లో అంగుళానికి 243 పిక్సెళ్లు కిక్కిరిసి ఉన్నాయి. అవే 12 పిక్సెళ్లు ఇక్కడ ఒకటింపావు మిల్లీమీటరు. చదవడం మాట అటుంచి, మౌస్‌తో గురి పెట్టి నొక్కడమే కష్టం.

దీనికి విరుగుడే స్కేలింగ్. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి `Display settings` తెరిస్తే `Scale` అనే వరుస కనిపిస్తుంది. ఇలాంటి తెరకు విండోస్ తానే 200% పెడుతుంది. దాని అర్థం ప్రతి కొలతనూ రెట్టింపు చేయమని. ఆ మాట వినగలిగిన ప్రోగ్రామ్, 12 పిక్సెళ్లలో గీయాల్సిన అక్షరాన్ని 24 పిక్సెళ్లలో కొత్తగా గీస్తుంది. అక్షరం రెండున్నర మిల్లీమీటర్లకు పెరుగుతుంది. గీయడానికి చుక్కలు ఎక్కువ దొరికాయి కాబట్టి వంపులు కూడా నునుపుగా వస్తాయి. ఎక్కువ డబ్బు పోసి ఇలాంటి తెర కొనుక్కునేది ఈ నునుపు కోసమే. పోగొట్టుకునేదల్లా చోటు: తెర మీద 1440 × 900 తెరలో పట్టేంత సరుకే పడుతుంది.

చిక్కల్లా ఆ మాట వినలేని ప్రోగ్రాములతోనే. స్కేలింగ్ సంగతి తనకు తెలుసని ప్రతి ప్రోగ్రామూ విండోస్‌కు ముందే చెప్పుకోవాలి. 2001 నాటి ప్రోగ్రామ్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అందుకని విస్టా కాలం నుంచి, అంటే 2007 నుంచి, విండోస్ ఇలాంటి వాటికి ఒక అబద్ధం చెబుతోంది: నీ తెర 1440 × 900 మాత్రమే, అంగుళానికి 96 చుక్కలే అని. ప్రోగ్రామ్ అది నమ్మి చిన్న బొమ్మ గీసి ఇస్తుంది. విండోస్ దాన్ని సాగదీసి తెరకెక్కిస్తుంది. పాస్‌పోర్ట్ ఫొటోను జిరాక్స్ మెషీన్‌లో పెట్టి పెద్దది చేసినట్టే, బొమ్మ పెరుగుతుంది గానీ అందులో లేని వివరం ఎక్కడి నుంచీ రాదు. స్కేల్ 150% అయితే ఇంకా ఇబ్బంది. ఒక పిక్సెల్ మందమున్న గీత ఒకటిన్నర పిక్సెళ్లు కావాలి. అర పిక్సెల్ వెలిగించడం కుదరదు కాబట్టి ఆ చోటును బూడిద రంగుతో నింపుతారు. మనకు మసకగా కనిపించేది ఆ బూడిద రంగే.

ఇంగ్లిష్ అక్షరం దీన్ని కొంత తట్టుకుంటుంది. తెలుగుకు అంత వెసులుబాటు లేదు. తలకట్టు, దీర్ఘం, కింద ఒత్తు, ఆ ఒత్తు పక్కన ఇంకో ఒత్తు అన్నీ ఆ కాసిని పిక్సెళ్లలోనే సర్దుకోవాలి. సాగదీయగానే ‘స్త్రీ’ కింది ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రూఫు దిద్దేవారికి ‘ప’ ఏదో ‘వ’ ఏదో తేల్చుకోవడమే పరీక్ష అవుతుంది. అయితే ఇదంతా తెర మీది గొడవే. ఫైలుకు ఏమీ కాదు, ప్రింటు ఎప్పటిలాగే వస్తుంది.

మసక స్కేలింగ్ వల్లనే వచ్చిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక్క ప్రోగ్రామే మసగ్గా ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. ఇంకా రూఢి కావాలంటే టాస్క్ మేనేజర్‌లో `Details` పేజీ తెరిచి, పైవరుస మీద రైట్ క్లిక్ చేసి, `Select columns`లో `DPI Awareness`ని ఎంచుకోండి. ఆ ప్రోగ్రామ్ ఎదురుగా `Unaware` అని ఉంటే దొంగ దొరికినట్టే. తెరంతా మసగ్గా ఉంటే మాత్రం `Display resolution` చూడాలి. అక్కడ `Recommended` అని రాసి ఉన్నదే తెర అసలు కొలత. అక్షరాలు చిన్నవయ్యాయని రిజల్యూషన్ తగ్గించమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. నా ఉద్దేశంలో అంత చెడ్డ సలహా మరొకటి లేదు. 1920 × 1200 పెడితే ప్రతి చుక్కా ఒకటిన్నర చుక్కల మీద పరుచుకోవాలి. అప్పటిదాకా స్పష్టంగా ఉన్న బ్రౌజర్ కూడా మసకబారుతుంది.

మరి పాత ప్రోగ్రామ్‌ని ఏం చేయాలి? దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి `Properties`, అందులో `Compatibility`, దాని కింద `Change high DPI settings` తెరవండి. అడుగున `Override high DPI scaling behavior` దగ్గర టిక్ పెడితే మూడు దారులు కనిపిస్తాయి. `Application` ఎంచుకుంటే విండోస్ అబద్ధం చెప్పడం మానేస్తుంది. అక్షరాలు స్పష్టంగా వస్తాయి, కానీ ఆ ఒకటింపావు మిల్లీమీటరు సైజులో. `System` అంటే మళ్లీ ఆ సాగదీతే. ముందుగా ప్రయత్నించదగ్గది మూడోది, `System (Enhanced)`. ఇది 2017లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. పాత ప్రోగ్రాములు అక్షరాలను, గీతలను చాలావరకు తామే గీయవు, గీసిపెట్టమని విండోస్‌నే అడుగుతాయి. ఈ పద్ధతిలో విండోస్ ఆ అడిగిన దాన్నే రెట్టింపు సైజులో గీసి ఇస్తుంది. అక్షరాలు తేటపడతాయి. టూల్‌బార్ బొమ్మలు ముందే గీసిపెట్టినవి కాబట్టి అవి మసగ్గానే ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు మాత్రం ఈ చొరవను భరించలేవు. అక్షరాలు సగానికి తెగిపోవడమో, గీతలు పక్కకు జరగడమో కనిపిస్తే టిక్ తీసేయడమే. ఏది ఎంచుకున్నా ప్రోగ్రామ్‌ని మూసి తెరిస్తేనే తేడా తెలుస్తుంది.

లాప్‌టాప్‌కి 24 అంగుళాల మానిటర్ తగిలించి పనిచేసేవారికి ఇంకో పేచీ ఉంది. లాప్‌టాప్ తెర 200%, మానిటర్ 100%. కొన్ని ప్రోగ్రాములకు స్కేలింగ్ తెలుసు గానీ వాటిని తెరిచినప్పుడు ప్రధాన తెరకు ఎంత ఉందో అదొక్కటే గుర్తుపెట్టుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో వీటి ఎదురుగా `System` అని ఉంటుంది. ఇలాంటి దాన్ని లాప్‌టాప్ తెర మీది నుంచి మానిటర్ మీదికి జరిపితే విండోస్ ఈసారి బొమ్మను కుదించాల్సి వస్తుంది, అక్షరం మళ్లీ పలచబడుతుంది. రోజంతా పని మానిటర్ మీదే అయితే దాన్ని ఎంచుకుని `Make this my main display` దగ్గర టిక్ పెట్టి, ఆ ప్రోగ్రాములను ఒకసారి మూసి మళ్లీ తెరవాలి. అప్పుడు ఆ ప్రోగ్రాములు మానిటర్ కొలతకే గీస్తాయి. సాయంత్రం మానిటర్ ఊడదీసి లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళితే మసక మళ్లీ కనబడుతుంది, మూసి తెరవడం మళ్లీ తప్పదు.