34 గ్రాముల కొవ్వుకి 15 శాతమా?

చిప్స్ ప్యాకెట్ వెనక ఉండే చిన్న టేబుల్ చూసే ఉంటారు. దాన్ని చూసి వరుసకో పోషకం చొప్పున టైప్ చేయాలి: పోషకం పేరు, ఒక సర్వింగ్‌లో ఎంత ఉంది, రోజువారీ అవసరంలో అది ఎంత శాతం. డైట్ యాప్‌లకీ, ఆన్‌లైన్ కిరాణా సైట్లకీ డేటా తయారుచేసే ప్రాజెక్టుల్లో ఫ్రెషర్ల చేతికి వచ్చే పనుల్లో ఇదొకటి. ‘చూసి రాయడమే కదా, ఇందులో ఏముంది’ అనిపిస్తుంది. కానీ బ్యాచ్‌లు రిజెక్ట్ అయ్యేది ఇక్కడే. ప్యాకెట్‌కి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే చోట, రిజెక్ట్ అంటే ఆ పూట చేసిన పనికి డబ్బులు రానట్టే. రిజెక్ట్ కాకుండా దాటిపోతే ఇంకా కష్టం. బీపీ ఉన్న పెద్దాయన ఎవరో ఫోన్‌లో చూసుకునే సోడియం అంకె మీరు టైప్ చేసిందే అవుతుంది.

ఉదాహరణకి ఒక మిక్చర్ ప్యాకెట్ తీసుకుందాం. అంకెలు నేను వేసినవే, టేబుల్ రూపం మాత్రం మన దుకాణాల్లో దొరికే ప్యాకెట్ల మీద ఉండేదే.

```
Serve size: 30 g    Serves per pack: 5
                    Per 100 g   %RDA per serve
Energy (kcal)          538           8
Protein (g)             12
Carbohydrate (g)        46
  Total sugars (g)       4
    Added sugars (g)     2           1
Total fat (g)           34          15
  Saturated fat (g)     12          16
  Trans fat (g)        0.1           2
Sodium (mg)            800          12
```

కొత్తగా చేరినవాళ్లు దీన్ని చూడగానే రాసేది ఇలా ఉంటుంది:

```
Total Fat | 34 g | 15%
```

రెండు అంకెలూ ప్యాకెట్ మీద ఉన్నవే. స్పెల్లింగ్ తప్పు లేదు, అంకె తప్పు లేదు. అయినా లైన్ తప్పు. పక్కపక్కనే ఉన్నాయి కదా అని జత కట్టేశారు గానీ, 34 అనేది 100 గ్రాముల మిక్చర్‌కి, 15 అనేది 30 గ్రాముల సర్వింగ్‌కి. ఒకటి గుంటూరు బండి, ఇంకొకటి గుంతకల్లు బండి.

ఇలా ఎందుకు ముద్రిస్తారు? మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబెలింగ్ నిబంధనలు పోషకాల పరిమాణాన్ని 100 గ్రాములకి గానీ, 100 మిల్లీలీటర్లకి గానీ, ఒక్కసారికే తినేసే ప్యాక్ అయితే ఆ ప్యాక్‌కి గానీ చూపమంటాయి. శాతాన్ని మాత్రం సర్వింగ్‌కి చూపమంటాయి. సర్వింగ్‌కి ఎన్ని గ్రాములో చూపే మూడో కాలమ్‌ను కొన్ని కంపెనీలు వేస్తాయి, కొన్ని వేయవు. వేసిన ప్యాకెట్ దొరికితే మీ అదృష్టం. వేయని ప్యాకెట్ దగ్గరే ‘సర్వింగ్‌లో ఎంత’ అనే గడి మిమ్మల్ని ఇరకాటంలో పెడుతుంది.

అప్పుడు చేయాల్సిన మొదటి పని టైపింగ్ కాదు, ప్రాజెక్ట్ గైడ్‌లైన్స్ తెరవడం. ‘ముద్రించినట్టే రాయండి’ అని ఉంటే ఆ గడి ఖాళీగా వదలాలి. 100 గ్రాముల అంకెకి వేరే కాలమ్ ఉంటే అక్కడ వేయాలి. ‘లెక్కగట్టి రాయండి’ అని ఉంటేనే 34ని 30తో గుణించి 100తో భాగించాలి. 10.2 గ్రాములు వస్తుంది. ఆ అంకె ప్యాకెట్ మీద లేదు కాబట్టి, లెక్కగట్టినదని తెలిసేలా గుర్తు పెట్టాలి. ఈ రెండింటిలో ఏదో గైడ్‌లైన్స్‌లో లేకపోతే లీడ్‌ని అడగండి. సొంతంగా నిర్ణయించుకుని రెండొందల ప్యాకెట్లు పూర్తి చేశాక అడిగితే ప్రయోజనం ఉండదు.

సరే, 10.2 అని రాశారు. అది కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది? ఆ సంగతి పక్కనే ఉన్న శాతం చెబుతుంది. చాలామంది దాన్ని ‘ఇంకో గడి, నింపేద్దాం’ అన్నట్టు చూస్తారు. నా దృష్టిలో మాత్రం టేబుల్ మొత్తంలో మీకు ఎక్కువగా పనికొచ్చే కాలమ్ అదే. ఎందుకంటే శాతం ఊరికే రాలేదు, దాని వెనక ఒక స్థిరమైన అంకె ఉంది. అదే నిబంధనల ప్రకారం సగటు పెద్దవాళ్లకి రోజుకి శక్తి 2000 కిలో క్యాలరీలు, మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22, ట్రాన్స్ ఫ్యాట్ 2, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. ఈ ఆరూ ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి.

ఇప్పుడు 10.2ని 67తో భాగిస్తే 15.2 శాతం. ప్యాకెట్ మీద 15 ఉంది. కుదిరింది. అదే 34ని భాగించి ఉంటే 51 వచ్చేది, తప్పు వెంటనే బయటపడేది. సోడియం చూడండి: 800లో 30 శాతం 240 మిల్లీగ్రాములు, 2000లో అది 12 శాతం. ఇదీ కుదిరింది. సర్వింగ్ సైజు మసగ్గా ఉండి 30ని 80 అని చదివారనుకోండి, కొవ్వు 27.2 గ్రాములై 41 శాతం చూపిస్తుంది. అంటే శాతం కాలమ్ పై లైన్‌లో జరిగిన తప్పుని కూడా పట్టిస్తుందన్నమాట.

ఎక్సెల్‌లో పెట్టుకుంటే ప్రతిసారీ క్యాలిక్యులేటర్ తీయక్కర్లేదు. B కాలమ్‌లో సర్వింగ్ పరిమాణం, C లో ప్యాకెట్ మీది శాతం, D లో చీటీ మీది అంకె:

```
=IF(OR(C2="",D2=""),"",ABS(B2/D2*100-C2)>1)
```

TRUE అని వస్తే మళ్లీ ప్యాకెట్ చూడాలి. కంపెనీలు అంకెలను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తాయి కాబట్టి ఒక శాతం తేడా వదిలేశాను. ఇక్కడ రెండు జాగ్రత్తలు. B లో అంకె మాత్రమే ఉండాలి, ‘గ్రా.’ పక్క గడిలోకి పోవాలి. C లో 15 అనే టైప్ చేయాలి. 15% అని కొడితే ఎక్సెల్ దాన్ని లోపల 0.15గా దాచుకుంటుంది, లెక్క తలకిందులవుతుంది. పని పూర్తయ్యాక మూడు గడుల లైన్‌గా కలిపేయొచ్చు.

ప్రొటీన్, కార్బోహైడ్రేట్, మొత్తం చక్కెర పక్కన శాతం లేదని గమనించారా? ఆ ఆరింటి జాబితాలో అవి లేవు. కాబట్టి అక్కడ ఖాళీ అంటే ఖాళీయే. సున్నా పెట్టకూడదు. సున్నా అంటే ‘ఈ సర్వింగ్‌తో రోజువారీ అవసరంలో ఏమీ తీరదు’ అని చెప్పినట్టు, ఖాళీ అంటే ‘కంపెనీ ఏమీ చెప్పలేదు’ అని. యాప్‌లో ఆ రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. శాతం లేని వరుసలకి వేరే తనిఖీ ఉంది. ప్రొటీన్, కార్బోహైడ్రేట్ గ్రాముకి 4 కిలో క్యాలరీలు, కొవ్వు 9. మన మిక్చర్‌కి 48, 184, 306 కలిపితే 538. ప్యాకెట్ మీదా అదే ఉంది. పీచు ఎక్కువున్న పదార్థాలకి ఇంత నిక్కచ్చిగా రాదు గానీ, 46ని 64 అని కొట్టినప్పుడు మాత్రం తేడా దాచినా దాగదు.

ఇక అమెరికా ప్యాకెట్లు. క్లయింట్ అక్కడివాడైతే ఫొటోలూ అక్కడివే వస్తాయి. వాటిమీద పరిమాణం, శాతం రెండూ సర్వింగ్‌కే ఉంటాయి కాబట్టి మన జత తప్పే సమస్య సాధారణంగా రాదు. కానీ చీటీ మార్చాలి. అక్కడ కొవ్వుకి 78 గ్రాములు, సంతృప్త కొవ్వుకి 20, సోడియానికి 2300 మిల్లీగ్రాములు. కలిపిన చక్కెరకి మాత్రం రెండు చోట్లా 50 గ్రాములే. మన చీటీతో వాళ్ల ప్యాకెట్‌ని తనిఖీ చేస్తే సరిగ్గా ఉన్న లైన్లని కూడా తప్పని చూపించొచ్చు. ట్రాన్స్ ఫ్యాట్‌కి మన దగ్గర శాతం ఉంటుంది, అక్కడ ఉండదు. చక్కెర లైన్‌లో అంకె వాక్యం మధ్యలో ఉంటుంది:

```
Includes 6g Added Sugars    12%
Added Sugars | 6 g | 12%
```

పైది ప్యాకెట్ మీద ఉండేది, కిందది మీరు రాయాల్సింది.

అమెరికా లేబుళ్లలో అంకెకి ‘g’ అతుక్కుని ఉంటుంది. టెక్స్ట్‌ని ఫొటో నుంచి ఓసీఆర్‌తో తీసి మీకు సరిదిద్దమని ఇస్తే అసలు తిప్పలు అక్కడే, ఎందుకంటే అది ‘g’ని 9 అనుకుంటుంది. 10g కాస్తా 109 అయితే శాతం 140 వచ్చి దొరికిపోతుంది. కానీ సంతృప్త కొవ్వు 3.5g, 18 శాతం అని ఉన్నది 3.59 అయిందనుకోండి. 3.59ని 20తో భాగిస్తే 17.95. అంటే తప్పు అంకె సరైన అంకె కంటే అందంగా 18కి సరిపోతోంది! ఫార్ములా ఏమీ అనదు. దీన్ని పట్టేది ఇంకో నియమం: అమెరికాలో 5 గ్రాముల లోపు కొవ్వుని అర గ్రాము మెట్లలోనే రాస్తారు. 3, 3.5, 4 ఉంటాయి గానీ 3.59 ఉండదు. దశాంశం తర్వాత 5 కాకుండా ఇంకేదైనా కనిపిస్తే, లేదా అంకె 9తో ముగిసి పక్కన యూనిట్ మాయమైతే ఫొటో జూమ్ చేయండి.

ఒక్కోసారి మీరంతా సరిగ్గానే చేస్తారు, అయినా శాతం కుదరదు. రెండుసార్లు జూమ్ చేసి చూసినా అంకె అదే. అప్పుడు తప్పు ప్యాకెట్‌దే కావచ్చు. శాతాన్ని సర్వింగ్‌కి బదులు 100 గ్రాములకి కట్టి ముద్రించారేమో, 100 గ్రాముల అంకెని భాగించి చూస్తే తెలిసిపోతుంది. మన మిక్చర్‌లో కొవ్వు పక్కన 15 బదులు 51 ఉంటే సంగతి అదే. తెలిసింది కదా అని దాన్ని 15గా దిద్దేయకండి. లైన్‌లో 51 అనే రాసి, రిమార్క్స్ గడిలో ‘శాతం 100 గ్రాములకి లెక్కగట్టినట్టుంది’ అని ఒక ముక్క పెట్టండి. దిద్దాలా వద్దా అన్నది రివ్యూయర్ చూసుకుంటారు.