డెబ్బై డిగ్రీల అల్యూమినియం, డెబ్బై డిగ్రీల చెక్క

ఒక అల్యూమినియం దిమ్మెనూ అంతే మందమున్న చెక్కనూ ఒకే ఓవెన్‌లో పెట్టి, రెండింటినీ 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేశారనుకుందాం. చెక్క మీద వేలు పెడితే వేడిగా ఉందనిపిస్తుంది, అంతే. దిమ్మె మీద పెడితే చర్మం కాలుతుంది. లోహం వేడిని త్వరగా అందిస్తుంది కాబట్టి అంటారు. అది సగం జవాబే. ఘనపరిమాణంలో ఎంత వేడి నిలవ ఉందన్నది కూడా లెక్కలోకి రావాలి. ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం, ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్యను ఎఫ్యూజివిటీ అంటారు. అల్యూమినియానికి అది దాదాపు 24,000, చర్మానికి 1,150, చెక్కకు 430.

రెండు వస్తువులకూ అవతలి అంచు లేదన్నంత మందం ఉందనుకుంటే, తాకిన చోట ఉష్ణోగ్రత ఇంత:

T = (e1·T1 + e2·T2) / (e1 + e2)

ఇక్కడ e అంటే ఎఫ్యూజివిటీ. 33 డిగ్రీల చర్మానికి లెక్క కడితే దిమ్మె దగ్గర 68 డిగ్రీలు వస్తుంది, చెక్క దగ్గర 43. ఎఫ్యూజివిటీ ఎక్కువున్నదే తన ఉష్ణోగ్రతను రెండోదాని మీద రుద్దుతుందన్నమాట.

విచిత్రమేమిటంటే ఈ 68 మెల్లగా ఎక్కేది కాదు. తాకిన క్షణంలోనే వచ్చి అక్కడే ఆగుతుంది. దిమ్మె ఇచ్చే వేడీ, చర్మం లోపలికి లాగే వేడీ కాలంతోపాటు ఒకే తీరున తగ్గుతాయి కాబట్టి వాటి తూకం చెదరదు. కాలంతో మారేది లోతు. చర్మంలో 0.1 మిల్లీమీటరు లోతున, అంటే బతికున్న కణాల దగ్గర, ఒక్క సెకనులో దాదాపు 62 డిగ్రీలవుతుంది. చెక్క విషయంలో అదే చోట 41.

కాలడానికి ఎంతసేపు పడుతుందో 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ కొలిచారు. చర్మం పైభాగం 44 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు ఆరు గంటలు, 60 దగ్గరైతే సుమారు అయిదు సెకన్లు. 68 దగ్గర సెకను కూడా అక్కర్లేదు.

అంచు లేదన్న ఊహ ఎప్పుడు చెల్లదు? వేడిలోని మార్పు అల్యూమినియంలో సెకనుకే ఒకటి రెండు సెంటీమీటర్లు పాకుతుంది. అయిదు సెంటీమీటర్ల దిమ్మెకు లెక్క కొన్ని సెకన్లపాటు నిలుస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌కైతే మొదటి క్షణంలోనే చెల్లదు, దానిలో నిలవున్న వేడి వేలిని కాల్చడానికి చాలదు. అందుకే ఓవెన్‌లోంచి తీసిన ఫాయిల్ అంచును పట్టుకోగలం. దుమ్ము, గరుకుతనం, కాయ కాచిన అరచేయి కూడా అసలు ఉష్ణోగ్రతను లెక్కకన్నా కాస్త తగ్గిస్తాయి, కానీ ఆ కాస్తను నమ్ముకోకూడదు.

వర్క్‌షాపులో పనిచేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మెరిసే అల్యూమినియాన్ని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే అసలుకన్నా చాలా తక్కువ చూపిస్తుంది. నల్లటి టేపు ముక్క అంటించి, దాని మీద కొలవండి.