ఓవర్‌టైమ్ వారాలు రెండు మించకూడదంటే

ఒక ఫ్యాక్టరీలో నాలుగు వారాల డ్యూటీ చార్టు వేయాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పనిని హద్దుగా పెట్టింది. మినహాయింపుల కింద ఓవర్‌టైమ్ చేయించినా మొత్తం 60 గంటలు దాటకూడదంది. దీనికి తోడు కార్మికులూ యాజమాన్యమూ ఇంకో మాట అనుకున్నారనుకుందాం: నాలుగు వారాల్లో ఎవరికైనా ఓవర్‌టైమ్ పడే వారాలు రెండు మించకూడదు. ఒక కార్మికుడితో ఈ నెలలో 208 గంటల పని చేయించాలి. అన్నిటికంటే బరువైన వారం వీలైనంత తేలిగ్గా ఉండాలి.

ఇలాంటి చార్టులను ఇప్పుడు సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నారు. దానికి మాటలు తెలియవు, సమీకరణాలూ అసమీకరణాలే తెలుసు. ‘రెండు మించకూడదు’ అని చెప్పాలంటే ముందు అది లెక్కపెట్టగలగాలి. అందుకని వారానికొక బైనరీ వేరియబుల్ పెడతారు. దాని విలువ 0 లేదా 1, అంతే. ఆ వారం ఓవర్‌టైమ్ ఉంటే 1. వారం గంటలను h అనీ, ఈ గుర్తును z అనీ అందాం. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామందికి మొదట తట్టేది ఇది:

```
h_i >= 49 z_i
z_1 + z_2 + z_3 + z_4 <= 2
```

గంటలు పూర్ణాంకాలే కాబట్టి 48 దాటడమంటే 49 అయినా కావడం. z ఒకటైతే గంటలు 49కి తగ్గవు, ఒకట్లు రెండు మించవు. చదవడానికి ఏ లోపమూ కనిపించదు. కానీ దీన్ని నడిపితే ప్రతి వారానికీ 52 గంటలు వస్తాయి, అంటే నాలుగు వారాలూ ఓవర్‌టైమే. సాల్వర్ తప్పు చేయలేదు. నాలుగు z లకూ సున్నా పెట్టింది. z సున్నా అయితే మొదటి వరుస కోరేది గంటలు సున్నాకు తగ్గకూడదనే. 52 సున్నాకు తగ్గదుగా! z ఒకటైతే ఓవర్‌టైమ్ ఉండాలన్నాం గానీ, ఓవర్‌టైమ్ ఉంటే z ఒకటి కావాలని మనం ఎక్కడా అనలేదు.

ఈ విషయమంతటికీ కీలకం ఇదే. ‘కనీసం రెండు షరతులు నెరవేరాలి’ అన్నప్పుడు మొదటి దిశ చాలు, ఎందుకంటే ఒకటి అని గుర్తు వేసిన చోటల్లా షరతు నిజంగా నెరవేరాలి. ‘గరిష్ఠంగా రెండు’ అన్నప్పుడు కాపలా ఉండాల్సింది సున్నా దగ్గర. నాలుగింటిలో రెండు మించి నెరవేరకూడదంటే, కనీసం రెండు తప్పిపోవాలి. కాబట్టి సున్నా అన్న చోట షరతు తప్పిపోయేలా కట్టడి చేయాలి:

```
h_i <= 48 + 12 z_i
z_1 + z_2 + z_3 + z_4 <= 2
```

z సున్నా అయితే గంటలు 48 దాటవు. ఒకటైతే హద్దు 60కి పెరుగుతుంది. ఇప్పుడు రెండు వారాలు 48, రెండు వారాలు 56 గంటలు వస్తాయి. మొత్తం 208 గంటలే, బరువైన వారం మాత్రం 52 నుంచి 56కు పెరిగింది. ఆ ఒప్పందానికి చెల్లించే అసలు ధర ఆ నాలుగు గంటలే. అవసరం 216 గంటలు దాటితే సాల్వర్ పరిష్కారం లేదంటుంది, ఎందుకంటే 60, 60, 48, 48 కలిపితే అంతే.

ఒప్పందంలో ‘48 దాటితే’ అని కాక ‘48 గాని, ఆపైన గాని’ అని ఉంటే, తప్పిపోవడమంటే 48 కంటే తక్కువ కావడం. ‘కంటే తక్కువ’ అన్నది సాల్వర్‌కు చెప్పలేం, ‘మించకూడదు’ అనే చెప్పగలం. గంటలు పూర్ణాంకాలు కాబట్టి హద్దును 47 చేస్తే సరి, అప్పుడు 12 స్థానంలో 13 రావాలి. గంటల్లో భిన్నాలు కూడా ఉంటే 47.99 లాంటి చిన్న ఎడం మనమే ఎంచుకోవాలి.

12 అనే అంకెను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. పుస్తకాల్లో దీన్ని బిగ్ ఎమ్ అంటారు. పేరులోనే పెద్దది ఉంది కదా అని కొందరు పది లక్షలు పెట్టేస్తారు. సాల్వర్లు దశాంశాలతో లెక్క చేస్తాయి గనుక సున్నాకు అతి దగ్గరగా ఉన్నదాన్ని సున్నాగానే ఒప్పుకుంటాయి. గురోబీ అనే పేరున్న సాల్వర్‌లో ఆ సడలింపు మామూలుగా 0.00001. z విలువ 0.000004 అయితే అది సున్నా కిందే లెక్క, కానీ పది లక్షలతో గుణిస్తే 4 గంటలు. మళ్లీ నాలుగు వారాలూ 52 గంటలు కావచ్చు, తప్పు ఎక్కడా కనబడదు. అదే 12 అయితే ఆ సడలింపు అర సెకను కూడా ఇవ్వదు. అందుకే ఈ అంకెను సమస్యలోని అసలు హద్దుల నుంచే, ఇక్కడ 60లోంచి 48 తీసేసి, తెచ్చుకోవాలి.

ఇలాంటి నమూనా మీ చేతికి వస్తే z లను నమ్మకండి. వచ్చిన గంటలు చూసి ఓవర్‌టైమ్ వారాలను మీరే లెక్కపెట్టండి. ఆ తర్వాత రెండు స్థానంలో సున్నా పెట్టి, మొత్తం గంటలను 180కి తగ్గించి, ఈసారి మొదటి వారానికి వీలైనన్ని గంటలు ఇమ్మని అడగండి. సరైన నమూనా 48 దగ్గర ఆగుతుంది. 60 ఇచ్చిందంటే దిశ తప్పింది.