ఆఫర్ లెటర్ వెళ్లింది, జవాబు రాలేదు

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మనిషిని ఎంపిక చేశాక మేనేజర్లకు నిద్ర పట్టనిది ఆఫర్ లెటర్ పంపిన తర్వాతే. ఇంటర్వ్యూలో హుషారుగా మాట్లాడిన మనిషి సంతకం పెట్టడు, ఫోన్ ఎత్తడు. చాలామంది మేనేజర్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు. నిజానికి ఆ మౌనం వెనుక ఎక్కువగా ఉండేది బయటికి అడగలేని ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాం. సీనియర్ టెస్టర్‌కు ఏడాదికి 18 లక్షల సీటీసీతో సోమవారం ఆఫర్ వెళ్లింది. శుక్రవారం దాకా గడువు. బుధవారానికీ ఉలుకూ పలుకూ లేదు. హెచ్‌ఆర్ నుంచి ‘గుర్తు చేస్తున్నాం’ అంటూ ఇంకో మెయిల్ వెళ్తే అదీ ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. పని చేయించుకోబోయే మేనేజరే సాయంత్రం వాట్సాప్‌లో పలకరించడం మేలు. పగలైతే ఆయన పాత ఆఫీసులో, పాత బాసు పక్కనే ఉంటాడు.

‘నమస్తే అండీ. ఆఫర్ చూసే ఉంటారు. జీతం లెక్కలోగానీ నోటీసు విషయంలోగానీ సందేహం ఉందా? రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యనా? వద్దనుకుంటే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోను.’

ఆ చివరి వాక్యమే అసలైనది. కాదని చెప్పడానికి మొహమాటపడి ఫోన్ ఎత్తనివాళ్లకు అది దారి ఇస్తుంది.

ఫోన్‌లో విషయం బయటపడింది. 18 లక్షలంటే నెలకు లక్షన్నర వస్తుందని ఆయన లెక్క. అందులో 1.8 లక్షలు వేరియబుల్, ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చేది. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి మరో లక్షన్నర. మిగిలిన 14.7 లక్షలను పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 1.22 లక్షలు. తన వాటా పీఎఫ్, పన్ను ఇంకా అందులోంచే పోవాలి. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాడు. పైగా పాత కంపెనీ నోటీసు 90 రోజులు, ఇక్కడ 60 రోజుల్లో చేరమన్నారు.

జీతం పెంచడం మేనేజర్ చేతిలో లేకపోవచ్చు. చేతికొచ్చే మొత్తాన్ని కాగితం మీద చూపించడం, ఆ 30 రోజుల నోటీసు సొమ్ము కంపెనీ కడుతుందో లేదో కనుక్కుని చెప్పడం మాత్రం ఆయన పనే.

అప్పటికీ పలకకపోతే గడువుకు ముందురోజు చివరి మెయిల్ పంపాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారానికి పెట్టిన గడువు దాటితే ప్రతిపాదన దానంతటదే రద్దవుతుంది. కాబట్టి బెదిరింపు అక్కర్లేదు, తేదీ రాస్తే చాలు.

సంతకం వచ్చినా రెండో స్థానంలోని అభ్యర్థికి అప్పుడే ‘లేదు’ అనకూడదు. పాత కంపెనీ ఎదురు ఆఫర్ ఇచ్చేది రాజీనామా పెట్టాకే. అది ఆమోదం పొందిన మెయిల్ చూసేదాకా ఆ రెండో మనిషికి ఇంకా ఖరారు కాలేదనే నిజం చెప్పి, ఎప్పటికి తేలుతుందో తేదీ ఇవ్వాలి.