పాట లేని వేలం

మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి కాలేజీకి వచ్చే మన మిత్రులకు బండి అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఫోనులో "పోలీసు వేలం! పట్టుబడిన బుల్లెట్టు 22,000కే!" అన్న ప్రకటన కనబడగానే వేలు అక్కడ ఆగుతుంది. స్టేషన్ల ఆవరణల్లో దుమ్ముకొట్టుకుపోతున్న బళ్లను అందరం చూసినవాళ్లమే గనుక నమ్మబుద్ధి కూడా అవుతుంది.

ఇటువంటి బేరం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణగా చూద్దాం. ఫోను చేస్తే అవతలివాడు "స్టేషను నుంచే మాట్లాడుతున్నా తమ్ముడూ" అంటాడు. యూనిఫారం ఫోటో, గుర్తింపు కార్డు పంపుతాడు. ముందు నమోదు రుసుము 1,500 అడుగుతాడు. అది కట్టగానే ముద్ర వేసిన రసీదు వస్తుంది. మర్నాడు పన్ను కింద 4,200. ఆ తరువాత బండి లారీ ఎక్కిన ఫోటో ఒకటి పంపి, రవాణాకు 7,800 కట్టమంటాడు. "ఇది మీకు తిరిగి వస్తుంది" అని కూడా అంటాడు. అప్పటికి 13,500 అయింది. ఇక చాలు అంటే, కట్టిందంతా పోతుందని బెదిరిస్తాడు. కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటి 1,500 కాపాడుకోవాలన్న ఆరాటమే మిగతా సొమ్మును లాగుతుంది.

ముందుగా డబ్బడిగితే మోసమే అని కొందరంటారు. అంత తేలిక కాదు. నిజమైన సర్కారువారి పాటలో కూడా ధరావతు ముందే కట్టాలి. అసలు తేడా ధర ఎప్పుడు తేలుతుందన్న దానిలో ఉంది. నిజం వేలంలో ధర పాడేవాళ్ల పోటీలో పుడుతుంది, ఆఖరున తేలుతుంది. దొంగ వేలంలో ధర ముందే ఉంటుంది, పాటే ఉండదు.

సైబరాబాదు పోలీసులు ఎవరూ అడగని వాహనాలను అమ్మదలచినప్పుడు ముందు బహిరంగ ప్రకటన ఇచ్చి, యజమానులకూ, అప్పిచ్చిన సంస్థలకూ తమ హక్కు చెప్పుకొనేందుకు ఆరు నెలల గడువు ఇస్తూ వచ్చారు. కస్టమ్స్ వారు తమ సరుకును తరచుగా ఎం.ఎస్.టి.సి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో పెడతారు. అక్కడ పేరు నమోదు చేసుకుని, ధరావతు కట్టి, నిర్ణయించిన రోజున సరుకును కళ్లారా చూసి పాడాలి. పాట దక్కినవాడు మిగతా సొమ్ము, పన్ను కడతాడు; దక్కనివాడి ధరావతు వాపసు వస్తుంది. సరుకు ఉన్నది ఉన్నట్టే ఇస్తారు. తుక్కు కింద అమ్మిన బండికి రోడ్డెక్కే కాగితాలు రావు.

కనుక అడగవలసిన ప్రశ్న ఒకటే: "బండి ఎక్కడుంది, ఏ రోజు వచ్చి చూడొచ్చు?" దొంగ దగ్గర దీనికి జవాబుండదు, లోపలికి రానివ్వరంటాడు. ఒకవేళ స్టేషను పేరు చెబితే స్వయంగా వెళ్లి అడగండి. మన బద్ధకం మీదే కదా వాడి వ్యాపారం!

డబ్బు ఇప్పటికే పంపినవారు వాడితో ఇంకా వాదిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. చెల్లింపు తాలూకు లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం దగ్గర ఉంచుకోవాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దొర్లిపోతూ ఉంటుంది. బ్యాంకులు ఆపగలిగేది ఇంకా బయటికి పోని భాగాన్నే.