13 సెకన్లకే కప్పు నిండితే

ఎస్ప్రెసో మెషీన్ బటన్ నొక్కాక మొదటి ఐదారు సెకన్లు కప్పులో చుక్క పడదు. పడకూడదు కూడా. ఆ తర్వాత ముదురు రంగు చుక్కలు మొదలై, అవి కలిసి సన్నటి ధారగా మారి, నెమ్మదిగా తేనెరంగుకి తిరగాలి. ఇంట్లో కొత్తగా మెషీన్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఇలా జరగదు. రెండో సెకనుకే ధార దూకుతుంది, చూస్తుండగానే పాలిపోయి పసుపు నీళ్లవుతుంది. నోట్లో పోసుకుంటే పులుపు, పలచదనం, నాలుక చివర కాస్త ఉప్పదనం. పైన తేలే క్రీమా అనే నురగ చెంచాతో కలిపేలోపే మాయమైపోతుంది.

వెంటనే మెషీన్ మీదే అనుమానం వస్తుంది. నిజానికి ఆ విషయంలో మెషీన్ పాత్ర తక్కువ. 1948లో మిలాన్‌కు చెందిన అకిలె గజియా మీట లాగే మెషీన్లను అమ్మకానికి తెచ్చాక ఎస్ప్రెసో అంటే గట్టి ఒత్తిడితో తీసే కాఫీ అయింది. 1961లో ఫయెమా కంపెనీ ఈ61 మెషీన్‌లో మీట స్థానంలో కరెంటు పంపు పెట్టింది. అప్పటినుంచీ వాడుకలో ఉన్న లెక్క 9 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 9 రెట్లు. (ఇంటి మెషీన్ల డబ్బా మీద 15 బార్లు అని గొప్పగా రాస్తారు. అది పంపు నెట్టగలిగిన గరిష్ఠం మాత్రమే, అంత ఒత్తిడి కాఫీకి అవసరం లేదు.) వెనకనుంచి నెట్టే బలం రోజూ ఒకటే అయినప్పుడు, నీళ్లు ఎంత వేగంగా వస్తాయో తేల్చేది ముందున్న అడ్డు. ఆ అడ్డు బాస్కెట్‌లో మనం నింపి నొక్కిన పొడే. షాట్ పరుగెత్తిందంటే పొడి నీళ్లను ఆపలేకపోయిందన్నమాట.

నీళ్లు అలా పరుగెత్తితే రుచి ఎందుకు పాడవుతుంది? కాఫీ పొడిలో ఉన్నవన్నీ ఒకేసారి కరగవు. పులుపునిచ్చే ఆమ్లాలు, లవణాలు చటుక్కున నీళ్లలోకి దిగిపోతాయి. తీపి, వేయించిన గింజ కమ్మదనం రావడానికి ఇంకాస్త సమయం, పొడితో ఇంకాస్త తాకిడి కావాలి. చేదు అన్నిటికంటే వెనక వస్తుంది. 13 సెకన్లలో దూసుకెళ్లిన నీళ్లు ముందు దొరికిన పులుపును పట్టుకుని, మిగతాదంతా పొడిలోనే వదిలేసి వెళ్లిపోయాయి.

దీన్ని దారిలో పెట్టడానికి మూడు అంకెలు చాలు. బాస్కెట్‌లో వేసే పొడి బరువు డోస్. కప్పులోకి వచ్చిన కాఫీ బరువు యీల్డ్. పంపు మొదలైనప్పటినుంచి ఆ బరువు వచ్చేవరకు పట్టిన సమయం మూడోది. మామూలుగా మొదలుపెట్టే లెక్క 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. కాఫీని మిల్లీలీటర్లలో కొలవద్దు, క్రీమా కంటిని మోసం చేస్తుంది. తాజా గింజల షాట్ నురగతోనే సగం కప్పు నిండినట్టు కనిపిస్తుంది. గ్రాములో పదోవంతు చూపించే చిన్న కాటా కప్పు కింద పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

ఈ మూడింటిలో మన చేతిలో ఉన్నవి మొదటి రెండే. సమయాన్ని మనం నేరుగా మార్చలేం. అది ఫలితం, ఒంటి వేడికి థర్మామీటర్ చూపించే అంకె లాంటిది. 13 సెకన్లకు 36 గ్రాములు వచ్చిందని, 27వ సెకను వరకు ఆగి కప్పు తీస్తే సమయం సరిపోతుంది గానీ ఈలోపు కాఫీ 70 గ్రాములు దాటుతుంది, నీళ్ల చారవుతుంది. డోస్, యీల్డ్ రెండూ కదలకుండా పట్టుకుని, గ్రైండర్ ఒక్కటే తిప్పుతూ, గడియారం ఏమంటుందో చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మా తమ్ముడు విశాఖలో ఉంటాడు. మెషీన్, గ్రైండర్ కొని, అరకు గింజలు మధ్యస్థంగా వేయించినవి తెచ్చుకున్నాడు. ఫోన్ చేసి, "అక్కా, 18 గ్రాములే వేశా, 13 సెకన్లకే 36 వచ్చేసింది. టాంపర్‌తో గట్టిగా నొక్కినా అంతే," అన్నాడు. నొక్కుడు గురించి చాలామందికి ఈ భ్రమ ఉంటుంది. పొడి మధ్య గాలి పోయి గట్టిపడేవరకే నొక్కుడు పనిచేస్తుంది. ఆ తర్వాత ఒంట్లో బలమంతా పెట్టినా సమయం పెద్దగా మారదు, మణికట్టు నొప్పే మిగులుతుంది. నీళ్లను ఆపేది రేణువుల సైజు. పొడి సన్నబడేకొద్దీ రేణువుల మధ్య సందులు ఇరుకవుతాయి, నీళ్లకు తగిలే ఉపరితలమూ పెరుగుతుంది. ఒక్క మార్పుతో వేగం తగ్గుతుంది, కరగడం పెరుగుతుంది.

వాడి గ్రైండర్ అంకె 18 మీద ఉంది. 14కు తిప్పమన్నాను, మోటార్ తిరుగుతుండగా తిప్పమన్నాను. ఆగి ఉన్నప్పుడు సన్నవైపు తిప్పితే చాలా గ్రైండర్లలో పళ్ల మధ్య ఉన్న గింజలు ఇరుక్కుంటాయి. తిప్పాక తీసిన షాట్ 14 సెకన్లు. ఏమీ మారలేదని వాడు నిరుత్సాహపడ్డాడు గానీ, ఆ బాస్కెట్‌లో పడింది చాలావరకు పాత పొడే. గ్రైండర్ లోపల, గొట్టంలో ఎప్పుడూ కొన్ని గ్రాములు మిగిలిపోతాయి. అంకె మార్చిన ప్రతిసారీ నాలుగైదు గ్రాములు ఆడించి పారబోయాలి. కాఫీ ధర తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది, కానీ అది చేయకపోతే రెట్టింపు పారబోస్తాం. అలా చేశాక అదే 14 దగ్గర 20 సెకన్లు వచ్చింది, 12 దగ్గర 27. "ఇప్పుడు పులుపు బత్తాయిలా ఉందక్కా, చింతపండులా లేదు," అన్నాడు. అంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

ఇక్కడితో అయిపోతే ఇంత రాయక్కర్లేదు. మర్నాడు అదే గింజలు, అదే 12, అదే 18 గ్రాములు, షాట్ మాత్రం 17 సెకన్లకే వచ్చింది. వాడు ఇంకా సన్నగా, 10కి తిప్పాడు. 15 సెకన్లకు వచ్చింది! పొడి సన్నబడితే వేగం తగ్గాలి కదా, పెరిగిందంటే ఏమిటి?

చెరువు గట్టుకు గండి పడినట్టు పొడికి గండి పడిందని. కాఫీవాళ్లు దీన్ని ఛానలింగ్ అంటారు. గట్టు మొత్తం బలంగా ఉన్నా ఒక్కచోట మెత్తగా ఉంటే చాలు, నీళ్లన్నీ అటే తోసుకుపోయి దారి ఇంకా పెద్దది చేసుకుంటాయి. 9 బార్ల ఒత్తిడిలో ఇది క్షణాల్లో జరిగిపోతుంది. ఆ దారి పక్కన ఉన్న పొడి పిండేసినట్టై చేదు వదులుతుంది, దూరంగా ఉన్నది సగమే తడిసి పులుపు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగిలితే పొడి సైజును కాదు, గండిని అనుమానించాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. ముతక పొడి షాట్ మొదటినుంచీ జోరుగా ఉంటుంది. గండి పడిన షాట్ బుద్ధిగా మొదలై మధ్యలో ఉన్నట్టుండి జోరందుకుంటుంది. అడుగు తెరిచి ఉన్న పోర్టాఫిల్టర్ వాడితే కళ్లారా కనిపిస్తుంది, ఒక పక్కనుంచి పాలిపోయిన ధార రావడమో, సన్నటి చిమ్ములు చొక్కా మీద పడడమో జరుగుతుంది.

సన్నటి పొడి ఉండలు కడుతుంది, గండికి మూలం తరచుగా ఆ ఉండలే. బాస్కెట్‌లో పొడి వేశాక సన్నటి సూదులున్న పుల్లతో అడుగువరకు కలిపి, ఉండలు చిదిపి, పైన చదును చేసి, టాంపర్ వంకరపోకుండా ఒక్కసారి నొక్కాలి. మా వాడు ఇది చేసి, గ్రైండర్‌ను తిరిగి 12కే తెచ్చుకున్నాడు. 26 సెకన్లు వచ్చింది.

సన్నగా ఆడించడానికి ఒక హద్దుందని 2020లో 'మ్యాటర్' అనే పత్రికలో వచ్చిన పరిశోధన కూడా చూపించింది. క్రిస్టఫర్ హెండన్ వంటి రసాయన శాస్త్రవేత్తలు, గణితజ్ఞులు కలిసి చేసిన పని అది. ఒక స్థాయి దాటి సన్నబడితే పొడిలో కొంత భాగం మూసుకుపోయి నీళ్లు అందరికీ సమానంగా అందవని, రుచి కప్పుకో రకంగా మారుతుందని వాళ్లు గమనించారు. డోస్ తగ్గించి, కాస్త ముతకగా ఆడించి, కావాలనే త్వరగా తీసిన షాట్లు రోజూ ఒకేలా వచ్చాయి. కాబట్టి 25 సెకన్లు శాసనమేమీ కాదు. 18 సెకన్లకు వచ్చిన కప్పు తియ్యగా ఉంటే తాగేయండి. అయితే తెలిసి త్వరగా తీయడం వేరు, చేయిదాటి పరుగెత్తడం వేరు.

కొన్ని ఇళ్లలో ఈ లెక్కలేవీ పారవు. మిక్సీలో ఆడించిన పొడిలో దుమ్మూ రవ్వా కలిసి ఉంటాయి, రవ్వ సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి. కొట్లో ఆడించి ఇచ్చే ఫిల్టర్ కాఫీ పొడి బొట్లు బొట్లుగా దిగే డికాక్షన్‌కు సరిపోయేది, 9 బార్లకు నిలవదు. ఆడించిన పొడి ఏదైనా ఒకటి రెండు రోజుల్లోనే బలం కోల్పోతుంది. వేయించి చాలాకాలమైన గింజలదీ అదే కథ. వాటిలోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి నీళ్లకు అడ్డు తగ్గుతుంది. ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూసి కొనడం అందుకే. చౌక మెషీన్లతో రెండు పొరల బాస్కెట్ వస్తుంది, అడుగున ఒక్కటే సూదిబెజ్జం ఉంటుంది. అక్కడ నీళ్లను ఆపేది పొడి కాదు, ఆ బెజ్జం. అందులో గ్రైండర్ తిప్పి సమయం చూడటం వృథా ప్రయాస. ఒక పొర బాస్కెట్‌కు మారాకే పై లెక్కలు పనిచేస్తాయి.

సమయం దారికొచ్చాక కూడా పులుపు మిగిలితే, అప్పుడు యీల్డ్ వైపు వెళ్లాలి. లేతగా వేయించిన గింజలు గట్టిగా ఉంటాయి, ఆలస్యంగా కరుగుతాయి. వాటికి 18కి 36 చాలకపోవచ్చు. గ్రైండర్ ముట్టుకోకుండా 40, 45 గ్రాముల వరకు పోనిస్తే పులుపు సర్దుకుంటుంది, కాఫీ కాస్త పలచబడుతుంది. పాలు కలుపుకునేవాళ్లు ఆ దారి పట్టకుండా గ్రైండర్‌నే ఒక గీత సన్నం చేసుకోవడం మేలు, లేకపోతే పాలలో కాఫీ జాడ తెలియదు. డోస్ పెంచితే కూడా వేగం తగ్గుతుంది గానీ, బాస్కెట్ మోసే బరువుకు గ్రాము అటూ ఇటూ మాత్రమే వెసులుబాటు. అది దాటితే పొడి ఉబ్బి పైనున్న జల్లెడకు అంటుకుంటుంది.

ప్యాకెట్ తెరిచాక వారం గడిచేసరికి అదే అంకె మీద 27 సెకన్లు 23కి జారుతుంది. అది గింజ వయసు, గ్రైండర్ తప్పు కాదు. ఒక గీత సన్నం చేస్తే సరిపోతుంది. కొత్త ప్యాకెట్ పోసిన రోజు మాత్రం పాత అంకెను నమ్మకండి. డోస్ 18, యీల్డ్ 36 దగ్గర పెట్టుకుని మొదటి షాట్ ఎన్ని సెకన్లకు వస్తుందో చూసి మొదలుపెట్టండి.