పని అడిగే పోస్టులో ఫలితం కనిపించాలంటే

"వెబ్‌సైట్లు చేస్తాను, తక్కువ ధరకే, ఒక్క అవకాశం ఇవ్వండి" అని రాసే ఫ్రీలాన్సర్ తన అవసరం చెప్పుకుంటున్నాడు. దుకాణదారుకు కావాల్సింది తన ఇబ్బంది తీరడం. ఒక చీరల దుకాణం సైటు ఫోన్‌లో తెరుచుకోవడానికి 6 సెకన్లు పట్టేదనీ, ఫొటోల సైజు తగ్గించాక 2 సెకన్లకు దిగిందనీ అనుకుందాం. పోస్టులో మొదటి వాక్యం అదే కావాలి. దాని కింద యజమాని అనుమతితో, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ముందూ తర్వాతా తీసిన స్క్రీన్‌షాట్లు పెట్టాలి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టని గూగుల్ కొలమానం. అమ్మకాలు పెరిగాయని మాత్రం రాయకూడదు. అది దసరా గిరాకీ కావచ్చు. చివర్లో ధర తగ్గింపు మాట తీసేసి, "మీ సైటు లింకు పంపండి, ఆలస్యం ఎక్కడో చెబుతాను" అని రాస్తే చాలు.